దీర్ఘశోక బృందంలో చావు కథ ఎప్పుడు, ఎక్కడ చెప్పించాలి? పది వారాల ప్రణాళిక వివరంగా

"ఏడుపు కూడా జబ్బేనా?" అన్న ప్రశ్న 2022 నుంచి తరచుగా వినబడుతోంది. ఆ ఏడాది జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ కొత్త జబ్బుల పట్టిక ఐసీడీ-11 అమల్లోకి వచ్చింది. మార్చిలో అమెరికా మనోవైద్యుల సంఘం తన పట్టిక డీఎస్ఎమ్-5ను సవరించి విడుదల చేసింది. రెండింటిలోనూ 'ప్రోలాంగ్డ్ గ్రీఫ్ డిజార్డర్' అనే పేరు చేరింది. దీన్ని ఈ వ్యాసంలో దీర్ఘశోకం అందాం.

పేరు వచ్చాక దానికి సాయం చేసే బృందాలు నడపాలన్న ఆలోచనా మొదలైంది. ఆసుపత్రుల్లో కౌన్సెలర్లు, చర్చి సంఘాలు, మహిళా సంఘాలతో పనిచేసేవాళ్లు దీని గురించి అడుగుతున్నారు. అయితే అయినవాళ్లను పోగొట్టుకున్న ఎనిమిది మందిని ఒకచోట కూర్చోబెట్టి "మీ బాధ చెప్పుకోండి" అంటే సరిపోదు. అలా నడిపిన బృందం మూడో వారానికి సగం ఖాళీ అయ్యే ప్రమాదం ఉంది. దానికి కారణం ఎక్కువగా ఒక్కటే. ఆ మనిషి ఎలా పోయిందీ అన్న కథను ఎవరి ముందు, ఎప్పుడు, ఎంత చెప్పించాలో ముందే తేల్చుకోకపోవడం. అనంతపురం పట్టణంలో, చుట్టుపక్కల పల్లెలవాళ్ల కోసం పది వారాల బృందం పెడితే ఎలా ఉండాలో చూస్తూ ఆ చిక్కుముడిని విప్పుకుందాం.

ఏది శోకం, ఏది దీర్ఘశోకం

అయినవాళ్లు పోతే ఏడవడం, తిండి సహించకపోవడం, పనిమీద మనసు నిలవకపోవడం జబ్బు కాదు. చాలామందిలో నెలలు గడిచేకొద్దీ ఆ తీవ్రత దానంతటదే తగ్గుతుంది. దీర్ఘశోకంలో తగ్గదు. పోయినవాళ్ల మీద బెంగ, లేదా వాళ్ల ఆలోచనే, దాదాపు రోజూ మనిషిని పట్టి ఉంచుతుంది. దాంతోపాటు మరికొన్ని ఉంటాయి. చనిపోయారన్న సంగతి నమ్మబుద్ధి కాకపోవడం, గుర్తుచేసే చోట్లను తప్పించుకోవడం, తనలో ఒక భాగం పోయినట్టుండటం, ఏ అనుభూతీ లేని మొద్దుబారినతనం, నలుగురిలో ఉన్నా ఒంటరితనం, బతుక్కి అర్థం లేదనిపించడం లాంటివి. వీటివల్ల ఇంటి పని, కూలి పని, పిల్లల పని నడవకుండా పోతే అప్పుడు దీన్ని రుగ్మత అంటారు.

గడువు విషయంలో రెండు పట్టికలూ ఒకటి కావు. ఐసీడీ-11 కనీసం ఆరు నెలలు అంటుంది. అమెరికా పట్టిక పెద్దవాళ్లకు పన్నెండు నెలలు అంటుంది. కానీ శోకం ఆ మనిషి సమాజంలో, మతంలో మామూలుగా ఉండేదానికంటే మించి ఉండాలని రెండూ చెబుతాయి. మన దగ్గర ఈ షరతు చాలా ముఖ్యం. హిందూ ఇళ్లలో మాసికాలు పెట్టి సంవత్సరీకం దాకా పండగ చేయని కుటుంబాలు చాలా ఉన్నాయి. ముస్లిం ఇళ్లలో నలభయ్యో రోజు ఫాతిహా ఉంటుంది, భర్త పోయిన స్త్రీ నాలుగు నెలల పది రోజులు ఇద్దత్ పాటిస్తుంది. ఏడాదిలోపు పండగకు దూరంగా ఉన్నామె ఆచారం పాటిస్తోందంతే. అందుకే ఈ బృందానికి పన్నెండు నెలల గడువే సరైనది.

ఇది అసలు జబ్బు కాదని వాదించేవాళ్లూ ఉన్నారు. ప్రేమించినంత కాలం శోకం ఉంటుందనీ, దానికి పేరు పెట్టి మందుల దుకాణానికి దారి చూపడం తప్పనీ వాళ్ల అభ్యంతరం. అందులో న్యాయం ఉంది. అవతలివైపు వాదనకూ బరువుంది. పేరు లేనన్నాళ్లూ ఇలాంటివాళ్లకు డిప్రెషన్ మాత్రలు రాసి పంపేవారు. 2016లో వచ్చిన అమెరికా అధ్యయనంలో సిటలోప్రామ్ అనే డిప్రెషన్ మాత్ర కలిపినందువల్ల శోకం అదనంగా తగ్గలేదని తేలింది. శోకాన్నే లక్ష్యంగా పెట్టుకున్న మాటల చికిత్సతో తగ్గింది. మాత్ర వల్ల డిప్రెషన్ లక్షణాలు తగ్గాయి, అదీ చికిత్సతో కలిపి ఇచ్చినప్పుడు. కాబట్టి బృందంలో చేరినవాళ్లు డాక్టరు రాసిన మాత్రలను తమంతట తాము మానకూడదు. అవే సరిపోతాయనీ అనుకోకూడదు.

కథ చెప్పించాలా వద్దా: రెండు వాదనలు

దీర్ఘశోకానికి బాగా పరీక్షకు నిలిచిన చికిత్స పదహారు సిట్టింగులది. అమెరికాలో కేథరిన్ షియర్ బృందం దాన్ని రూపొందించింది. అందులో ముఖ్యమైన పని, చావు వార్త తెలిసిన క్షణం నుంచి జరిగినదంతా కళ్లు మూసుకుని, ఇప్పుడే జరుగుతున్నట్టు చెప్పించడం. అది ఒక్కరితో, తలుపు మూసిన గదిలో చేసే పని.

బృందంలో ఇదే చేయించవచ్చా? చేయించాలనేవాళ్లు చెప్పే కారణం బలమైనదే. తన కథ విన్న ఏడుగురు తలదించుకుని నిలబడితే ఆ ఓదార్పు కౌన్సెలర్ ఒక్కరివల్ల రాదు. వద్దనేవాళ్ల కారణం కూడా బలమైనదే. పురుగుల మందు తాగి పోయిన భర్త చివరి గంటలను ఒకామె పూసగుచ్చినట్టు చెబితే, గుండెపోటుతో భర్త పోయినామె ఆ రాత్రి ఆ దృశ్యంతోనే పడుకోవాలి. పైగా ఎనిమిది మంది ఉన్నచోట ఒక్కొక్కరి వంతుకు పది నిమిషాలు కూడా రావు. కథ మొదలై, నొప్పి పైకెక్కి, కిందికి దిగకముందే సమయం అయిపోతుంది. దిగకముందే ఆపేసిన కథ మేలు కన్నా కీడే ఎక్కువ చేస్తుంది.

ఈ తగవును కొంత తీర్చిన అధ్యయనం 2014లో ఆస్ట్రేలియాలో రిచర్డ్ బ్రయంట్ బృందానిది. ఎనభై మందికి వారానికి రెండు గంటల చొప్పున పది వారాలు బృంద చికిత్స ఇచ్చారు. దానితో పాటు ప్రతి ఒక్కరికీ నాలుగు విడి సిట్టింగులు. సగం మందికి వాటిలో చావు కథ చెప్పించారు, మిగతా సగం మందికి ఊరడింపు కౌన్సెలింగ్ ఇచ్చారు. ఆరు నెలల తర్వాత చూస్తే, కథ చెప్పినవాళ్లలో నూటికి దాదాపు 15 మందికి దీర్ఘశోకం మిగిలి ఉంది. చెప్పనివాళ్లలో దాదాపు 38 మందికి మిగిలింది. ఒక్క అధ్యయనంతో అంతా తేలిపోదు. కానీ కథ చెప్పించడం అవసరమనీ, అది బృందం మధ్యలో జరగనక్కర్లేదనీ రెండూ ఇందులో కనబడుతున్నాయి. కింది ప్రణాళికకు ఇదే ఎముక: పది బృంద సెషన్లు, మూడో వారం నుంచి ఆరో వారం దాకా ఒక్కొక్కరికి నాలుగు విడి సిట్టింగులు.

ఎవరిని చేర్చాలి, ఎప్పుడు మొదలుపెట్టాలి

ఆరుగురు మరీ తక్కువ కాదు, ఎనిమిది మంది దాటకూడదు. నడిపేవాళ్లు ఇద్దరు ఉండాలి. ఒకరు మాట నడుపుతుంటే రెండోవారు మనుషులను గమనిస్తూ ఉండాలి. గడిచిన ఏడాదిలో తమ ఇంట్లో చావు జరిగినవాళ్లు ఆ విడతకు నడపకపోవడం మంచిది.

చేర్చే ముందు ప్రతి ఒక్కరితో గంటసేపు విడిగా మాట్లాడాలి. పీజీ-13-ఆర్ అనే ప్రశ్నపత్రం దీనికి పనికొస్తుంది. అందులో లక్షణాల ప్రశ్నలు పది, ఒక్కోదానికి 1 నుంచి 5 మార్కులు. మొత్తం 30 లేదా అంతకు పైన వస్తే దీర్ఘశోకం ఉండొచ్చని అర్థం. చదువురాని వాళ్లకు ప్రశ్నలు మాటల్లో అడగాలి. రోగ నిర్ధారణ మాత్రం మనోవైద్యుడి పని.

ఆ గంటలోనే ఆత్మహత్య గురించి సూటిగా అడగాలి. "నా కొడుకు కాడికి పోవాలనిపిస్తాది మేడం" అనే మాట ఈ బాధ ఉన్నవాళ్ల నోట తరచుగా వస్తుంది. అది చాలాసార్లు బెంగే. అయినా అక్కడ ఆగకూడదు. "పోవడానికి ఏమైనా చేయాలనుకున్నావామ్మా? ఎప్పుడు? ఇంట్లో పురుగుల మందు ఉందా?" అని వరసగా అడగాలి. ఉపాయం, సామాను రెండూ ఉంటే ఆమెను ఒంటరిగా పంపకూడదు. ఇంటివాళ్లను పిలిపించి ఆ రోజే మనోవైద్య విభాగానికి చేర్చాలి, మందు డబ్బా ఇల్లు దాటేలా చూడాలి. బృందం సంగతి తర్వాత. ప్రభుత్వ ఉచిత మానసిక ఆరోగ్య లైన్ టెలి మానస్ నంబరు 14416 అందరి ఫోన్లలోనూ మొదటి రోజే ఎక్కించాలి. రోజూ తాగుడులో ఉన్నవాళ్లకు ముందు ఆ చికిత్స జరగాలి.

ఒకే ఇంటివాళ్లను ఒకే బృందంలో పెట్టకూడదు. కొడుకు పోయిన అత్త, మొగుడు పోయిన కోడలు పక్కపక్కన కూర్చుంటే కోడలు నోరు విప్పదు. విప్పితే ఆ మాట ఇంటికి వెళ్లాక పంచాయితీ అవుతుంది. ఆత్మహత్య వల్ల ఇంటిమనిషిని పోగొట్టుకున్నవాళ్లు ఒక్కరే ఉండేలా కూర్చకూడదు, కనీసం ఇద్దరుండాలి. ఒక్కరే అయితే మిగతావాళ్ల చూపుకే ముడుచుకుపోతారు.

కాలం సంగతి. చెనక్కాయ విత్తే జూన్, జూలైలోనూ, పీకే రోజుల్లోనూ మొదలుపెడితే మనుషులు రారు. సంక్రాంతి దాటాక జనవరి మూడో వారంలో మొదలుపెడితే మార్చి చివరికి పది వారాలు అవుతాయి. బుధవారం పొద్దున 11 నుంచి 1 దాకా పెడితే కళ్యాణదుర్గం, ఉరవకొండ వైపు నుంచి వచ్చేవాళ్లు వంట చేసి బస్సెక్కి వచ్చి, పిల్లలు బడి నుంచి వచ్చేలోపు ఇల్లు చేరగలరు. ఆ మధ్యలో రంజాన్ వస్తే టీ విరామం తీసేసి, ఆ పది నిమిషాలు బయట నడవడానికి వదలాలి.

రెండు గంటలు ఎలా గడవాలి

ప్రతి సెషన్‌కూ ఒకే నడక ఉండాలి. ఎప్పుడు ఏం జరుగుతుందో తెలిస్తే భయం తగ్గుతుంది. మొదటి పదిహేను నిమిషాలు వచ్చినవాళ్లు తమ బరువు ఎంతో చెబుతారు. దీనికి సున్నా నుంచి పది అంకెల కన్నా రూపాయి లెక్క బాగా పనిచేస్తుంది. "ఈ వారం బరువు రూపాయిలో ఎంతమ్మా?" అంటే పావలా, అర్ధరూపాయి, ముప్పావలా, రూపాయి అని ముసలివాళ్లు కూడా తడుముకోకుండా చెబుతారు. తర్వాత పదిహేను నిమిషాలు పోయిన వారం ఒప్పుకున్న పని ఎంతవరకు జరిగిందో చూడటం. ఆపై నలభై నిమిషాలు ఆ రోజు విషయం, పది నిమిషాలు టీ, ఇరవై అయిదు నిమిషాలు ఇద్దరిద్దరుగా అభ్యాసం, చివరి పదిహేను నిమిషాలు ముగింపు.

ముగింపును ఎప్పుడూ కోయకూడదు. ఆలస్యమైతే విషయాన్నే కోయాలి. చివర్లో మళ్లీ రూపాయి లెక్క అడగాలి. వచ్చినప్పటి కన్నా బరువు ఎక్కువ చెప్పినవాళ్లను బస్సెక్కనివ్వకుండా కాసేపు ఆపి మాట్లాడాలి, సాయంత్రం ఫోన్ చేయాలి. అందరూ వెళ్లాక నడిపేవాళ్లిద్దరూ అరగంట కూర్చుని ఎవరెవరిలో ఏం మారిందో రాసుకోవాలి.

మొదటి మూడు వారాలు: కథకు ముందు నేల గట్టిపరచడం

మొదటి సెషన్‌లో ప్రతి ఒక్కరూ పోయినవాళ్ల పేరు, వాళ్లు ఎలాంటి మనిషి అన్నది చెబుతారు. ఎలా పోయారన్నది ఒక్క వాక్యంలోనే. "మీవాళ్ల పేరు చెప్పి, వాళ్లకి ఏ కూర ఇష్టమో చెప్పండి. ఎట్ల పోయినారో ఒక్క మాటలో చెప్పండి చాలు, మిగతాది మీతో విడిగా కూర్చున్నప్పుడు వింటాం" అని నడిపేవారే ముందు ఒక నమూనా చెప్పి చూపాలి. ఆ రోజే పెట్టాల్సిన కట్టుబాటు ఇంకొకటి ఉంది. శవం ఎలా ఉంది, ఏ మందు తాగారు, ఉరి ఎలా వేసుకున్నారు లాంటి వివరాలు ఈ వలయంలో మాట్లాడకూడదు. కట్టుబాటు మాత్రమే చెబితే నోరు మూయించినట్టు ఉంటుంది. ఆ కథకు వేరే చోటు, వేరే రోజు ఉందని అదే నోటితో చెప్పాలి.

రెండో సెషన్‌లో శోకం ఎలా నడుస్తుందో చెప్పాలి. మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ షుట్ 1999లో చెప్పిన సూత్రం ఇక్కడ చాలా పనికొస్తుంది. శోకంలో ఉన్న మనిషి రెండు పనుల మధ్య అటూఇటూ తిరుగుతుంటాడు: పోయినదాన్ని తలుచుకుని ఏడవడం, మిగిలినదాన్ని చక్కబెట్టుకోవడం. రెండూ అవసరమే. ఒకవైపే ఉండిపోతే చిక్కు. పొద్దస్తమానం ఫొటో ముందు కూర్చునేవాళ్లూ, ఒక్క నిమిషం ఖాళీ లేకుండా పనిలో తల దూర్చేవాళ్లూ ఒకే చిక్కులో ఉన్నారని బృందానికి ఆ రోజు తెలుస్తుంది.

మూడో సెషన్‌కు ఒక్కొక్కరు ఇంటినుంచి ఒక మనిషిని తీసుకురావాలి. అక్క, వదిన, మరిది, ఎవరైనా సరే. రాబోయే నాలుగు వారాల్లో ఈమె ఇంటికొచ్చి ఏడవొచ్చనీ, అది చికిత్స చెడినట్టు కాదనీ, "ఊరుకో" అనకుండా పక్కన కూర్చుంటే చాలనీ వాళ్లకు చెప్పాలి. ఈ ఒక్క సెషన్ మానేస్తే నాలుగో వారంలో "ఆడికి పోయినప్పట్నించి ఎక్కువైంది, ఇంక పోవద్దు" అని ఇంట్లోవాళ్లే ఆపేస్తారు.

విడి సిట్టింగు: ఒక తల్లి ఉదాహరణ

కళ్యాణదుర్గం దగ్గర పల్లెలో ఉండే నలభై ఎనిమిదేళ్ల తల్లి అనుకుందాం. వివరాలన్నీ ఊహించి కట్టినవే. ఇరవై రెండేళ్ల కొడుకు బైక్ ప్రమాదంలో పోయి రెండేళ్లయింది. చేరేటప్పుడు ప్రశ్నపత్రంలో 41 వచ్చింది. కొడుకు నంబరుకు ఇప్పటికీ రీచార్జి చేయిస్తుంది, రోజుకు పదిసార్లు ఆ నంబరుకు ఫోన్ కొడుతుంది. బస్టాపు వైపు పోదు. ఆమె నోట ఎప్పుడూ ఒకటే మాట: "నేను ఫోన్ ఎత్తింటే నా బిడ్డ బతికేవాడు."

మొదటి విడి సిట్టింగు గంటంబావు. అందులో కథకు పదిహేను నిమిషాలు మించవు. ఆమె కళ్లు మూసుకుని, ఆ సాయంత్రం చేనులో ఉన్నప్పటి నుంచి, జరుగుతున్నట్టే చెప్పాలి: "చెనక్కాయలు వొలస్తాండాను. సంచిలో ఫోన్ మోగతాంది." జరిగిపోయినట్టు "వొలస్తాంటి" అని మారిపోతే నెమ్మదిగా వెనక్కి తేవాలి: "ఇప్పుడు ఏం కనబడుతోందమ్మా?" నడిపేవారు అంతకుమించి మాట్లాడకూడదు. మధ్యలో బరువు అడుగుతారు. ఆమె రూపాయి అంటుంది. కథ అయ్యాక కళ్లు తెరిపించి, ఏం అనిపించిందో పదిహేను నిమిషాలు మాట్లాడి, ఆ కథను ఈ వారానికి ఇక్కడ పెట్టేద్దామని చెప్పి, మిగిలిన సమయంలో ఊరటనిచ్చే పని ఏదో ఒకటి ఆ రోజు చేసేలా ఒప్పించి పంపాలి.

ఆమె మొదటి రెండుసార్లూ మిస్డ్ కాల్ దగ్గర నుంచి ఒక్కసారిగా ఆసుపత్రి గేటు దగ్గరికి దూకుతుంది. అలా దూకిన చోటే అసలు నొప్పి ఉందని నడిపేవాళ్లు గుర్తించి రాసుకోవాలి, ఆ రోజే తవ్వకూడదు. మూడో సిట్టింగులో "ఫోన్ చేతిలోకి తీసుకున్నాక?" అని అడిగితే ఆమె ఆగి, చెబుతుంది. తిరిగి చేసింది. ఎవరో మగమనిషి ఎత్తాడు. "ఇందాక ఈ ఫోన్ నుంచి చేసింది నేనేనమ్మా, మీ వాడు రోడ్డు మీద పడినాడు" అన్నాడు. అంటే ఆ మిస్డ్ కాల్ కొడుకు చేసింది కాదు. ఆ మాట ఆ రాత్రే వినింది. కానీ తప్పు తనదేనన్న ఆలోచన రెండేళ్లుగా దాన్ని కప్పేసింది. ఇక్కడ నడిపేవారు "చూశారా, మీ తప్పు లేదు" అని తొందరపడకూడదు. "ఆ మాట మళ్లీ ఒకసారి చెప్పండి" అంటే చాలు. అర్థం ఆమె నోటినుంచే రావాలి. ఆ రోజు బరువు ముప్పావలా. నాలుగోసారి అర్ధరూపాయికి కాస్త పైన.

అన్ని కథల్లోనూ ఇలాంటి వాక్యం దొరకదు. ఫోన్ నిజంగానే కొడుకు చేసి ఉండొచ్చు. అప్పుడు తప్పు లేదని వాదించడం పనికిరాదు. ఆ నిమిషాన ఆమెకు ఏం తెలుసు, ఏం తెలియదు అన్న దగ్గరికి తీసుకెళ్లాలి.

అసలు పద్ధతిలో కథను రికార్డు చేసి ఇంట్లో రోజూ వినమంటారు. పల్లె ఇంట్లో ఒక ఫోన్ నలుగురి చేతుల్లో తిరుగుతుంది, వేరే గది ఉండదు. ఆ రికార్డు ఇంకొకరి చెవిన పడితే నష్టం ఎక్కువ. అలాంటప్పుడు రికార్డు నడిపేవాళ్ల దగ్గరే ఉంచి, బుధవారం సెషన్‌కు అరగంట ముందు రప్పించి వినిపించాలి. రోజూ విన్నంత వేగంగా ఫలితం రాకపోవచ్చు, ఆ లోటుకు సిద్ధపడాలి.

అదే వారాల్లో బృందం ఏం చేస్తుంది

విడి సిట్టింగుల్లో కథ నడుస్తుండగా బుధవారాల్లో కథ జోలికి పోకూడదు. నాలుగో సెషన్ తప్పించుకునే చోట్ల గురించి. ప్రతి ఒక్కరూ అయిదు మెట్లు చెబుతారు, పావలా బరువు నుంచి రూపాయి దాకా. ఆ తల్లికి మొదటి మెట్టు కొడుకు ట్రంకుపెట్టె తెరిచి అయిదు నిమిషాలు కూర్చోవడం, మూడోది చెల్లెలితో కలిసి బస్టాపు దాకా నడవడం, చివరిది ప్రమాదం జరిగిన మలుపు దగ్గర బస్సు దిగి నిలబడటం. మొదటి వారం మొదటి మెట్టే. బరువు కొంత దిగేదాకా అక్కడే ఉండాలి. రూపాయిలో ఉండగా లేచి వచ్చేస్తే ఆ చోటంటే భయం ఇంకా పెరుగుతుంది. ఉత్సాహంతో ఒకేసారి మూడు మెట్లు ఎక్కిన మనిషి తరువాతి వారం రాకపోవచ్చు, కాబట్టి వెనక్కి లాగాల్సిన బాధ్యత నడిపేవాళ్లదే.

కొడుకు నంబరు సంగతేమిటని బృందంలో ఎవరో అడుగుతారు. తీసేయమని ఎవరూ చెప్పకూడదు. తద్దినం పెట్టి పెద్దలకు బట్టలు పెట్టుకునే మన ఇళ్లలో పోయినవాళ్లతో బంధం నిలుపుకోవడం కొత్త కాదు. నంబరు ఉంచుకోవడం తప్పు కాదు, రోజుకు పదిసార్లు కొట్టడం వల్ల ఆమె రోజు ఏమవుతోందన్నదే ప్రశ్న.

అయిదో సెషన్ తప్పు నాదేనన్న ఆలోచనల మీద. "ఆ రోజు పంపకపోయింటే", "పెద్దాసుపత్రికి ముందే తీసుకపోయింటే" అనే మాటలు పైకి కథను తలుచుకోవడంలా కనబడతాయి కానీ, కథ నుంచి తప్పించుకునే దారులు. 'అయ్యుంటే' అని తిరుగుతున్నంతసేపూ 'అయిపోయింది' అన్నదాన్ని చూడక్కర్లేదు. గుర్తుపట్టడం కష్టం కాదు. మాటలు ప్రతిసారీ ఒకే వరసలో వస్తాయి, కొత్త వివరం చేరదు, బరువు ఎక్కదు, దిగదు. అప్పుడు పలక మీద మధ్యలో గీత గీసి, ఒకవైపు ఆ రోజు తెలిసినవి, రెండోవైపు తర్వాత తెలిసినవి రాయించాలి. రెండో వరస నిండేకొద్దీ ఆ రోజున్న మనిషికి, ఇవాళ తనను నిందించుకుంటున్న మనిషికి ఉన్న తేడా కనబడుతుంది.

ఆరో వారంలో ఫొటో, వస్తువు తెచ్చుకుని మంచి జ్ఞాపకాలు చెప్పుకుంటారు. ఇక్కడ నవ్వులు వస్తాయి, వెంటనే కొందరికి తప్పు చేసినట్టుంటుంది. "నవ్వినానంటే వాడిని మరిచినట్టే కదా" అని ఒకరు అంటారు. ఏడో వారానికి ఇద్దరు ముగ్గురు రాకపోతే కారణం ఇదే కావచ్చు. కాబట్టి ఆరో సెషన్ చివర్లోనే ఈ అనుమానం గురించి ముందే మాట్లాడి పంపాలి. ఏడో సెషన్ ఊరి మాటలు, కోపం గురించి. కేసు, ఇన్సూరెన్సు, నష్టపరిహారం మాటలు రెండు గంటలనూ మింగేస్తాయి. వాటిని జిల్లా న్యాయసేవాధికార సంస్థకు పంపి, ఇక్కడ కోపం దగ్గరే ఉండాలి.

ఎనిమిదో సెషన్‌లో పోయినవాళ్లతో మాట్లాడటం. రాయగలిగినవాళ్లు ఉత్తరం రాస్తారు, మిగతావాళ్లు ఖాళీ కుర్చీ వైపు చూసి చెబుతారు. చదవడం, వినిపించడం ఇష్టమైతేనే. తొమ్మిదిలో రాబోయే రోజుల లెక్క: ఉగాది, తద్దినం, పెద్దల అమావాస్య, పుట్టినరోజు, క్రైస్తవులకు నవంబరు 2న సమాధుల పండగ. ఆ రోజు ఎవరితో ఉండాలి, పొద్దున ఏం చేయాలి, సాయంత్రం ఎవరికి ఫోన్ చేయాలి అన్నది పేర్లతో సహా రాసుకోవాలి.

బృందం దారి తప్పితే తెలిసేది ఎలా

మొదటి గుర్తు ఓదార్పు ఎక్కువ కావడం. ఒకామె శోకాలు పెట్టి ఏడవగానే మిగతావాళ్లు లేచి పట్టుకుంటారు, "దేవుడు రాసినాడు, ఏం చేస్తాం" అంటారు. చావింట్లో అది సరైన పనే. ఇక్కడ దానివల్ల ఆమె చెప్పబోయే మాట ఆగిపోతుంది. ఏడుపును ఆపకూడదు. రెండో నిర్వాహకురాలు పక్కన కూర్చోవాలి, మిగతావాళ్లను కూర్చోమని చెయ్యి చూపాలి, రెండు మూడు నిమిషాలు ఆగి "ఏం గుర్తొచ్చిందమ్మా?" అని అడగాలి.

రెండోది పోలిక. "నీకు ముసలి మొగుడు పోయినాడు, నాకు ఎదిగిన కొడుకు" అన్న మాట పడిందంటే అక్కడే ఆపాలి. వదిలేస్తే ఆ ముసలామె మళ్లీ నోరెత్తదు. మూడోది అతి మౌనం. వరసగా రెండు వారాలు బరువు "పావలా" అంటూ, మెట్లు ఏవీ ఎక్కని మనిషి బాగుపడినట్టు కాదు, తప్పించుకుంటున్నట్టు. ఆయనతో విడిగా మాట్లాడాలి. మగవాళ్లలో ఇది ఎక్కువగా కనిపిస్తుంది.

పదో వారం, ఆ తర్వాత

పదో సెషన్‌లో ప్రశ్నపత్రం మళ్లీ అడుగుతారు. విడిపోవడం కూడా ఒక పోగొట్టుకోవడమే కనుక, ముగింపు తేదీ మొదటి రోజు నుంచీ చెబుతూ రావాలి. ఒక నెలకు, ఆరు నెలలకు మళ్లీ కలవాలి. ఆ తల్లికి పదో వారంలో 29, ఆరు నెలలకు 24 వచ్చిందనుకుందాం. బెంగ గురించిన ప్రశ్నకు అప్పుడూ ఆమె 4 అనే అంటుంది. తగ్గింది మిగతావి: నమ్మలేకపోవడం, తప్పించుకోవడం, పని నడవకపోవడం. ఫోన్ కొట్టడం వారానికి ఒకసారికి వచ్చింది. రీచార్జి మానలేదు. దాన్ని చికిత్స విఫలమైనట్టు లెక్కపెట్టకూడదు.

ఆరు నెలలకు కూడా 30 దాటి ఉన్నవాళ్లను మళ్లీ అదే బృందంలో చేర్చడం వల్ల లాభం తక్కువ. డిప్రెషన్, ఆ దృశ్యం పదే పదే కళ్లముందుకు వచ్చే పీటీఎస్‌డీ కలిసి ఉన్నాయేమో మనోవైద్యుడి దగ్గర చూపించి, ఒక్కరితో నడిచే పదహారు సిట్టింగుల చికిత్సకు పంపాలి. నాలుగు విడి సిట్టింగుల్లో ఎన్నింటికి వచ్చారో, కథ ఏ చోట ఆగిపోయిందో రాసిన కాగితం కూడా వాళ్ల వెంట పంపితే, అక్కడ చికిత్స చేసేవాళ్లు మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాల్సిన అవసరం ఉండదు.